పారాసిటమాల్ 500 మాత్రకు బీఎంఆర్ ఫారం: యీల్డ్ గడిని సరిగ్గా కట్టుకున్న తీరు

మాది విజయవాడ శివార్లలో ఉన్న చిన్న మాత్రల యూనిట్. తడి ముద్ద కలిపే ఆర్‌ఎంజీ ఒకటి, 48 ట్రేల డ్రయర్, ఒక మల్టీమిల్లు, ఒక బ్లెండర్, రెండు కంప్రెషన్ మెషిన్లు, ఒక బ్లిస్టర్ లైను. మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం సవరించిన రూపంలో 2023 డిసెంబరు 28న నోటిఫై అయ్యాక, గడువు పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకున్న చిన్న, మధ్య తరహా యూనిట్లకు 2025 డిసెంబరు 31 వరకు సమయం ఇచ్చారు. ఆ సమయంలో మేము మొదట చేతబట్టిన పని బ్యాచ్ మాన్యుఫాక్చరింగ్ రికార్డు, అంటే మనందరం బీఎంఆర్ అనుకునే ఫారాన్ని కొత్తగా రాసుకోవడం. అందులో యీల్డ్, డీవియేషన్ గడుల గురించే ఇక్కడ రాస్తున్నాను. మిగతా భాగాలు ఏ కన్సల్టెంటు ఇచ్చిన నమూనాలోనైనా దొరుకుతాయి. యీల్డ్ గడి మాత్రం ఎవరి ఉత్పత్తికి తగ్గట్టు వాళ్లే కట్టుకోవాలి.

ఉదాహరణకు పారాసిటమాల్ 500 ఎంజీ, రెండు లక్షల మాత్రల బ్యాచ్ తీసుకుందాం. మాత్ర బరువు 580 ఎంజీ, అంటే మొత్తం 116 కిలోలు. అందులో పారాసిటమాల్ 100 కిలోలు, పొడి మిశ్రమంలో మొక్కజొన్న స్టార్చ్ 9.6, పేస్టుకు స్టార్చ్ 3.2, చివర కలిపే సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ 1.6, టాల్క్ 1.0, మెగ్నీషియం స్టియరేట్ 0.6 కిలోలు.

డిస్పెన్సింగ్ పేజీతోనే యీల్డ్ లెక్క మొదలవుతుంది. పారాసిటమాల్ అస్సే, అంటే అందులోని అసలు మందు శాతం, తేమ తీసేసిన డ్రైడ్ బేసిస్ మీద వస్తుంది కాబట్టి అస్సేకి ఒకసారి, ఎల్ఓడీకి, అంటే ఆరబెడితే పోయే తేమ శాతానికి, ఒకసారి సర్దాలి. క్యూసీ రిపోర్టులో అస్సే 99.4 శాతం, ఎల్ఓడీ 0.3 శాతం అని ఉంటే 100 కిలోలకు బదులు 100.906 కిలోలు తూచాలి. పెరిగిన 0.906 కిలోను పొడి మిశ్రమంలోని స్టార్చ్ నుంచి తగ్గిస్తాం, అది 8.694 కిలోలవుతుంది. అస్సే 100 దాటి వస్తే 100 గానే తీసుకోవాలని మాస్టర్‌లోనే రాసిపెట్టాం, లేకపోతే ఒక్కో కెమిస్టు ఒక్కోలా లెక్క కడతారు. షీటులో ఫార్ములా ఇది:

```
=ROUND(B2*(100/MIN(B3,100))*(100/(100-B4)),3)
```

B2లో ఫార్ములా బరువు, B3లో అస్సే, B4లో ఎల్ఓడీ. ఈ గడులు తప్ప షీటంతా లాక్ చేసి ఉంటుంది. ప్రింటు తీసి సంతకాలతో బీఎంఆర్‌కు జతచేస్తాం. అయినా ఫారంలో చేత్తో లెక్క వేసే వరుస కూడా ఉంచాం. చేసినవారు ఒకరు, సరిచూసినవారు మరొకరు. షీటులో గడి మారిపోయి అంకె తప్పుగా వస్తే పట్టుకునేది ఆ వరుసే.

తూకం వరుసలో బ్యాలెన్స్ నంబరు గడి తప్పకుండా ఉండాలి. వంద కిలోలు తూచే ప్లాట్‌ఫాం బ్యాలెన్స్ మీద ఆరు వందల గ్రాముల స్టియరేట్ తూచకూడదు. పది గ్రాముల లీస్ట్ కౌంట్ ఉన్న త్రాసు మీద ఒక్క గీత తేడా వచ్చినా 0.6 కిలోలో అది ఒకటిన్నర శాతం దాటుతుంది. ఏ వస్తువును ఏ బ్యాలెన్స్ మీద తూచాలో ముందే అచ్చువేసి ఉంచితే ఆపరేటరు ఎంచుకోవాల్సిన పని ఉండదు.

అసలు చిక్కు డ్రయింగ్ తర్వాత వస్తుంది. మామూలు నమూనాలో ఆరిన గ్రాన్యూల్స్ బరువును డ్రయర్‌లోకి వెళ్లిన పొడి సరుకు బరువుతో భాగించి శాతం రాస్తారు. మన ఉదాహరణలో పారాసిటమాల్, రెండు స్టార్చ్‌లు కలిపి 112.8 కిలోలు. నీళ్లు పోతాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోరు. పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ స్టార్చ్ గోనెలోంచి వచ్చేటప్పుడే సుమారు 12 శాతం తేమతో వస్తుంది. మన కృష్ణా తీరంలో వానాకాలం వస్తే అది ఇంకా పెరుగుతుంది. ఆరిన గ్రాన్యూల్స్‌లో మనం ఉంచే తేమ వేరు, మా పరిమితి 1.5 నుంచి 2.5 శాతం. కాబట్టి లోపలికి వెళ్లిన 112.8 కిలోలు, బయటికి రావాల్సిన బరువు ఒకటి కావు.

పూర్తిగా ఎండిన సరుకు ఎంతో ముందు చూడాలి. పారాసిటమాల్ 100.906 కిలోల్లో 0.3 శాతం తీసేస్తే 100.603. స్టార్చ్ మొత్తం 11.894 కిలోల్లో 12 శాతం తీసేస్తే 10.467. కలిపితే 111.070 కిలోలు. గ్రాన్యూల్స్ ఎల్ఓడీ 2.0 శాతం వస్తే, ఒక్క గ్రాము కూడా పోకుండా ఉంటే రావాల్సిన బరువు 111.070ని 0.98తో భాగించినంత, అంటే 113.337 కిలోలు. ఎల్ఓడీ 3.1 అయితే 114.623. అంటే గ్రాన్యూల్స్ తడిగా ఉన్నకొద్దీ యీల్డ్ పెరిగినట్టు కనిపిస్తుంది. యీల్డ్ శాతం ఒక్కటే రాసి ఎల్ఓడీని వేరే పేజీలో ఉంచితే, తడి సరుకే మంచి యీల్డ్‌గా దాటిపోతుంది.

అందుకని డ్రయింగ్ యీల్డ్ గడిని ఇలా మార్చాం:

```
=(C2*(100-C3)+C4*(100-C5))/(100-C6)
```

C2, C3 పారాసిటమాల్ బరువు, దాని ఎల్ఓడీ. C4, C5 స్టార్చ్ బరువు, దాని ఎల్ఓడీ. C6 గ్రాన్యూల్స్ ఎల్ఓడీ. వచ్చిన అంకె ఆ తేమ దగ్గర వీలైనంత గరిష్ఠ బరువు. తూచిన బరువును దీనితో భాగిస్తే నిజమైన యీల్డ్ వస్తుంది. మా పరిమితి 97.0 నుంచి 100.3 శాతం. పైన ఆ 0.3 బ్యాలెన్స్, ఎల్ఓడీ యంత్రాల తేడాకు వదిలింది. అది దాటితే సరుకు ఎక్కువ వచ్చిందని సంతోషించేది ఏమీ లేదు. ఎక్కడో ఒక అంకె తప్పు.

ఒక వానాకాలపు బ్యాచ్‌తో ఇది బాగా తేలింది. ఆరిన గ్రాన్యూల్స్ 113.9 కిలోలు తూగాయి, ఎల్ఓడీ 1.9 శాతం. పాత పద్ధతిలో 112.8తో భాగిస్తే 101.0 శాతం. పాత ఫారంలో పరిమితి 97 నుంచి 102 కాబట్టి అది దాటిపోయేదే. కొత్త లెక్కలో 1.9 శాతం తేమ దగ్గర గరిష్ఠ బరువు 113.221, యీల్డ్ 100.6. సరుకు పుట్టుకురాదు కదా. కాబట్టి తూకమైనా తప్పు, ఎల్ఓడీ శాంపిలైనా మొత్తం సరుకుకు అద్దం పట్టనిదై ఉండాలి. ముందు బ్యాలెన్స్‌ను స్టాండర్డ్ బరువులతో చూశారు, సరిగ్గానే ఉంది. శాంపిల్ ఎక్కడిదని కెమిస్టు అడిగితే ఆపరేటరు చెప్పింది ఇది: "పై ట్రే నుంచి తీశాను సార్, చేత్తో చూస్తే బాగానే ఆరింది."

పై వరుస, మధ్య వరుస, కింది వరుస ట్రేల నుంచి తీసి కలిపిన శాంపిల్‌కు ఎల్ఓడీ 3.1 వచ్చింది. అప్పుడు లెక్క కుదిరింది: 114.623కు 113.9, అంటే 99.4 శాతం. కిలోకి కాస్త తక్కువ నష్టం, మామూలుగా ఆర్‌ఎంజీ గోడలకు, మిల్లు జల్లెడకు పట్టుకుని పోయేంతే.

మధ్య ట్రేలు ఎందుకు తడిగా ఉన్నాయంటే, డ్రయింగ్ నడుస్తుండగా కరెంటు పోయింది. జనరేటరు మీదికి మారాక బ్లోయరు దానంతటదే తిరిగింది, హీటరు స్విచ్ మాత్రం చేత్తో వేయాలి. గాలి చప్పుడు వినిపిస్తుంది కాబట్టి డ్రయర్ నడుస్తున్నట్టే ఉంటుంది. పాత ఫారంలో ఉన్నవి మూడే గడులు: మొదలైన సమయం, ముగిసిన సమయం, సెట్ చేసిన ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. ఆ మూడూ నిజాలే. లోపల వేడి ఎంత ఉందో రాసే గడే లేదు. ట్రేకు సుమారు మూడు కిలోల తడి సరుకు పరిస్తే మందం ఎక్కువే, అందుకే వేడి తగ్గితే మొదట మధ్య వరుసల్లోనే తడి మిగిలిపోతుంది.

ఇప్పుడు డ్రయింగ్ పేజీలో ప్రతి అరగంటకు డిస్‌ప్లేలో కనిపించే ఉష్ణోగ్రత రాసే వరుస ఉంది, పక్కన సమయం, సంతకం. గంట తర్వాత ట్రేలు తిరగేశామని, పైవి కిందికి, కిందివి పైకి మార్చామని రాసే గడి ఉంది. ఎల్ఓడీకి మూడు గడులు: పై, మధ్య, కింద. మూడింటి మధ్య తేడా 0.5 శాతం దాటితే సగటు తీయకూడదు, మళ్లీ ఆరబెట్టాలి. సగటు తీస్తే 1.4, 1.9, 3.3 కలిసి 2.2 అయిపోయి పరిమితిలోనే కనిపిస్తాయి. కంప్రెషన్‌లో మాత్రం తడి భాగం పంచ్‌లకు అంటుకుంటుంది, మరీ ఎండిన భాగంలో మాత్రల టోపీ ఊడుతుంది. పారాసిటమాల్‌కు క్యాపింగ్ అసలే ఎక్కువ. ఒకే బ్యాచ్‌లో రెండూ కనిపిస్తే మెషిన్ ప్రెషర్‌తో కుస్తీ పట్టేముందు ఈ మూడు గడులు చూడడం మంచిది.

ఆ రోజు హీటరు ఆగిపోవడం డీవియేషనే, అంటే ఫారంలోని పరిమితిని తప్పడమే. దాన్ని ఎక్కడ రాయాలన్నది ఫారం కట్టేటప్పుడే తేల్చుకోవాలి. చాలా నమూనాల్లో చివరి పేజీలో "డీవియేషన్లు ఏవైనా ఉంటే" అని నాలుగు గీతలు ఉంటాయి. బ్యాచ్ అయిపోయాక అది నింపేది కెమిస్టు, జరిగినప్పుడు చూసింది ఆపరేటరు. అందుకే అక్కడ దాదాపు ఎప్పుడూ "లేవు" అనే ఉంటుంది. మేము ప్రతి దశ కిందా ఒక చిన్న పెట్టె గీశాం. అందులో సమయం, స్టెప్ నంబరు, ఉండాల్సింది ఏమిటి, ఉన్నది ఏమిటి, అప్పటికప్పుడు ఏం చేశారు, ఎవరికి చెప్పారు అన్నవి ఉంటాయి. చివర క్యూఏ వాళ్లు రాసేది రెండే: పని ఆగాలా సాగాలా అన్న నిర్ణయం, డీవియేషన్ రిజిస్టరు నంబరు. కారణం, విచారణ, సవరణ చర్యలు ఈ పెట్టెలో రాయించం, వాటికి వేరే ఫారం ఉంది. బీఎంఆర్‌లో కారణం కూడా అడిగితే ఆపరేటరు కారణం దొరికేదాకా పెట్టెను ఖాళీగా వదిలేస్తాడు, ఆ తర్వాత మర్చిపోతాడు.

ఆ బ్యాచ్‌కు పెట్టెలో ఇలా ఉంటుంది: "స్టెప్ 14, డ్రయింగ్. ఉండాల్సింది 55–65 డిగ్రీలు. కరెంటు పోయి వచ్చాక హీటరు ఆగి ఉంది, డిస్‌ప్లే 44. మూడు చోట్ల కలిపిన ఎల్ఓడీ 3.1. సరుకు ట్రేల్లోనే ఉంచి షిఫ్ట్ కెమిస్టుకు చెప్పాను." కింద క్యూఏ నిర్ణయం: మళ్లీ ఆరబెట్టి మూడు చోట్లా ఎల్ఓడీ చూపాలి, మళ్లీ ఆరబెట్టిన సమయం మాస్టర్‌లో అనుమతించిన మొత్తం సమయాన్ని దాటకూడదు. మళ్లీ ఆరాక ఎల్ఓడీ 2.0, బరువు 112.5 కిలోలు. 113.337తో భాగిస్తే 99.3 శాతం. బరువు కిలోన్నర దాకా తగ్గినా యీల్డ్ శాతం దాదాపు అక్కడే ఉందని గమనించండి. పోయింది నీళ్లే, మందు కాదు అని ఈ గడి స్పష్టంగా చెబుతుంది. పాత గడిలో అదే బ్యాచ్ 101.0 నుంచి 99.7కు దిగి, సరుకేదో పోయినట్టు కనిపించేది.

పెట్టెను ఎప్పుడు నింపాలన్న గందరగోళం మొదట్లో ఉండేది. రాతలో తప్పు పడితే అది డీవియేషన్ కాదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం రాస్తే సరిపోతుంది. వైట్‌నర్, దిద్దడం కుదరవు, పాత అంకె చదవగలిగేలా ఉండాలి. ఫారంలో అచ్చయిన పరిమితికి బయట ఏది జరిగినా, వరుస మారినా, యంత్రం మధ్యలో ఆగినా అది పెట్టెలోకి వెళ్తుంది. అందుకే ఫారంలోని ప్రతి స్టెప్పుకూ ఒక అంకె ఉండాలి. "సరిపడా ఆరబెట్టాలి", "బాగా కలపాలి" అని రాస్తే దాన్ని ఎవరూ తప్పలేరు, కాబట్టి డీవియేషనూ ఎప్పటికీ రాదు. స్టెప్పులను మేము తెలుగులోనే అచ్చువేశాం, క్రియ ముందు కాకుండా అంకె కొట్టొచ్చినట్టు కనబడేలా: "3.2 కిలోల స్టార్చ్‌ను 32 కిలోల నీళ్లలో పేస్టు చేయాలి. ఆర్‌ఎంజీలో పేస్టు పోసే సమయం 3 నుంచి 5 నిమిషాలు. ఆగిన సమయం ___, ఆంపియర్ ___." గ్రాన్యులేషన్ ముగింపును ఆపరేటరు చేత్తో ముద్ద నొక్కి చూస్తాడు, అది మానొద్దు. పక్కనే ఆంపియర్ కూడా రాస్తే రెండు బ్యాచ్‌లను పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది.

బ్లెండింగ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 112.5 కిలోలకు 3.2 కిలోల చివరి సరుకులు కలిపితే 115.7, బయటికి వచ్చింది 115.4. గ్రాన్యూల్స్ యీల్డ్ పరిమితిలో ఉంటే చివరి సరుకులు పూర్తిగా కలపాలని, పరిమితి కిందికి దిగితే క్యూఏ చెప్పకుండా స్టియరేట్ కలపకూడదని ఫారంలోనే ఉంటుంది. తక్కువ గ్రాన్యూల్స్‌కు పూర్తి స్టియరేట్ పడితే మాత్ర కరిగే వేగం తగ్గుతుంది.

కంప్రెషన్ పేజీలో రెండు వేర్వేరు శాతాలు ఉండాలి, వీటిని కలిపేయడం చిన్న యూనిట్లలో తరచూ జరిగేదే. ఒకటి యీల్డ్: పనికొచ్చే మాత్రలు ఎన్ని. రెండోది రీకన్సిలియేషన్: లోపలికి వెళ్లిన సరుకులో ఎంతకు లెక్క దొరికింది. 115.4 కిలోల బ్లెండ్ నుంచి మంచి మాత్రలు 113.3 కిలోలు వచ్చాయి, యీల్డ్ 98.2 శాతం. సగటు బరువు 581 ఎంజీ కాబట్టి సుమారు 1,95,000 మాత్రలు, రెండు లక్షల మీద 97.5 శాతం. మిగతాది ఎక్కడుంది? మెషిన్ సెట్ చేసేటప్పుడు తీసేసినవి 0.62, డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్ సంచిలో 0.74, ఇన్‌ప్రాసెస్ శాంపిళ్లు 0.25, హాపర్‌లో, టరెట్ మీద మిగిలింది 0.30. కలిపితే 1.91 కిలోలు. మొత్తం 115.21. లెక్కకు రానిది 190 గ్రాములు, రీకన్సిలియేషన్ 99.8 శాతం. మా పరిమితి 99.0.

ఈ నాలుగు నష్టాలకూ నాలుగు గడులు విడిగా ఉండాలి. "ప్రాసెస్ నష్టం" అని ఒకే గడి ఉంటే, మొత్తంలోంచి మంచి మాత్రలు తీసేసి మిగిలిన అంకె అందులో పడుతుంది, రీకన్సిలియేషన్ ఎప్పుడూ నిఖార్సుగా 100.0 వస్తుంది. వరుసగా పది బీఎంఆర్‌లు 100.0 చూపిస్తే డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు మొదట అడిగేది దాని గురించే. తూచి రాసిన బ్యాచ్‌లో ఎప్పుడూ కొంత దొరకకుండా పోతుంది. డస్ట్ సంచి బరువు ఒక్కసారిగా పెరిగితే ఆ అంకెకు వేరే విలువ కూడా ఉంది: గ్రాన్యూల్స్‌లో పొడి ఎక్కువైందని, లేదా ఎక్స్‌ట్రాక్టరు గాలి మరీ గట్టిగా లాగుతోందని అర్థం.

బరువు తనిఖీ వరుసలో ఒక్కో మాత్రకు పరిమితి 551 నుంచి 609 ఎంజీ అని అచ్చువేస్తాం. 250 ఎంజీ, ఆపైన బరువున్న మాత్రకు ఐపీలో 5 శాతం కదా, ఆపరేటరు దాన్ని లెక్కకట్టాల్సిన పని లేకుండా.

ప్యాకింగ్‌లో శాతాలు పనిచేయవు. బ్లిస్టర్ ఫాయిల్‌ను కిలోల్లో, మాత్రలను శాతంలో చూడొచ్చు. కానీ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ముద్రించిన కార్టన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఇదే బ్యాచ్‌కు ఇచ్చినవి 2,000. ప్యాక్ అయినవి 1,938, కంట్రోల్ శాంపిళ్లకు 4, ముద్రణలో పాడై చింపినవి 21, ముద్రించకుండా స్టోర్సుకు తిరిగి ఇచ్చినవి 36. మొత్తం 1,999. శాతంలో 99.95, ఏ పరిమితిలోనైనా దాటిపోతుంది. అయినా అచ్చుపడిన కార్టన్ ఒకటి లైనులో మిగిలిపోతే రేపు వేరే మందు లోపలికి వెళ్లొచ్చు. అందుకే ఆ గడి పక్కన శాతం గడి తీసేసి "తేడా: ___ సంఖ్య" అని మాత్రమే ఉంచాం. సున్నా కాకపోతే తర్వాతి బ్యాచ్‌కు లైన్ క్లియరెన్స్ ఇవ్వకుండా వెతకాలి: కన్వేయర్ కింద, చెత్త సంచిలో, ముద్రించే యంత్రం వెనక. దొరక్కపోతే పెట్టె నింపి క్యూఏకి పంపాలి.

ఫారం ఇచ్చే పద్ధతి కూడా ఈ గడులంత ముఖ్యమే. మాస్టర్ క్యూఏ దగ్గరే ఉంటుంది. బ్యాచ్ మొదలయ్యే ముందు ప్రతి పేజీ మీదా బ్యాచ్ నంబరు, "పేజీ ఇంత, మొత్తం ఇంత" అని, కంట్రోల్డ్ కాపీ ముద్ర వేసి ఇస్తారు. ఖాళీ పేజీలు షాప్‌ఫ్లోర్‌లో ఉంచరు. పేజీ చిరిగినా, తడిసినా పాతదాన్ని జతచేసి, కారణం రాస్తేనే కొత్త పేజీ ఇస్తారు. ఖాళీ పేజీలు చేతికందేలా ఉంటే 3.1 వచ్చిన ఎల్ఓడీ పేజీ మాయమై 2.1తో కొత్త పేజీ పుట్టడానికి పెద్ద సమయం పట్టదు. పూర్తయిన బీఎంఆర్‌ను మందు ఎక్స్‌పైరీ తర్వాత కనీసం ఏడాది దాకా భద్రపరచాలి. మన వానలకు కింది అరల్లో పెట్టకుండా, చెమ్మ తగలని అల్మారాలో బ్యాచ్ నంబరు వరుసలో పెడతాం.

ఫారం మార్చిన తర్వాత మొదటి కొన్ని బ్యాచ్‌లలో డీవియేషన్ పెట్టెలు ఎక్కువగా నిండుతాయి. దాన్ని చూసి యాజమాన్యం కంగారుపడొచ్చు. పరిమితులు వదులు చేయమని అడగొచ్చు. ఆ నిండిన పెట్టెలను స్టెప్ నంబరు వారీగా పక్కపక్కన పేర్చి చూస్తే ఎక్కువ భాగం ఒకటి రెండు చోట్లే ఉంటాయి. మా దగ్గర అవి స్టెప్ 14 దగ్గరే పోగుపడ్డాయి. హీటరును బ్లోయరుతో పాటే తిరిగి ఆన్ అయ్యేలా ఎలక్ట్రీషియన్ చేత వైరింగ్ మార్పించి, ఆ మార్పును చేంజ్ కంట్రోల్‌లో రాసి, మూడు వరుస బ్యాచ్‌లలో పై, మధ్య, కింద ఎల్ఓడీలు చూశాక ఆ పెట్టె ఖాళీగా రావడం మొదలైంది. పరిమితి మాత్రం 1.5 నుంచి 2.5 శాతంగానే ఉంది.